కండరం బాగానే ఉంది, కబురే లోపలికి చేరలేదు: ఉద్దానం యువకుడికి వచ్చిన తాత్కాలిక పక్షవాతం

శ్రీకాకుళంలో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్న నేను ఈ కేసును వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. నాడి నుంచి వచ్చిన ఆజ్ఞ కండరంలో కాల్షియం విడుదలగా మారే దశను మేమంతా మొదటి సంవత్సరం ఫిజియాలజీలో చదివి, పరీక్ష అయ్యాక పక్కన పెట్టేస్తాము. ఆ దశ ఒక్కటే చెడిపోయి, దానికి ముందున్న నాడీ, దాని తరువాత కండరాన్ని ముడిచే ఆక్టిన్, మయోసిన్ తంతువులూ చెక్కుచెదరకుండా ఉన్న రోగి ఎదురైనప్పుడు, చదివినదాన్ని మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవలసి వచ్చింది. రోగి వివరాలను అతని అనుమతితో, గుర్తుపట్టడానికి వీలులేకుండా రాస్తున్నాను.

ఉదయం ఎనిమిదిన్నరకు

ఉద్దానం ప్రాంతంలోని ఒక పల్లెకు చెందిన 20 ఏళ్ల యువకుడిని తండ్రీ, మరో ఇద్దరు బంధువులూ మంచం మీద మోసుకొచ్చి ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ముందు రోజు పగలంతా అతను కొబ్బరికాయల బస్తాలు లారీకి ఎత్తాడు. రాత్రి బంధువుల పెళ్లిలో కడుపునిండా అన్నం, మిఠాయిలు తిని పందిరి కింద నేల మీదనే పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేసరికి కాళ్లు కదల్లేదు. నొప్పి లేదు, జ్వరం లేదు, తెలివి పోలేదు.

ఇంటివారు ఊళ్లోని వైద్యుడిని పిలిపించగా, ఆయన నీరసమని భావించి 5 శాతం గ్లూకోజు సీసా ఒకటి ఎక్కించి, కాల్షియం ఇంజెక్షను కూడా ఇచ్చాడు. సీసా పూర్తయ్యేసరికి, అంతవరకు బాగున్న చేతులు కూడా బరువెక్కాయి. తండ్రి నాతో అన్న మాటలు ఇవి: "కాల్షియం పడితే లెగుస్తాడని సెప్పినారు బాబూ. లెగడం సరికదా, సేతులు కూడా పడిపోనాయి. నేల మీద తొంగున్నాడు, పామేటైనా ముట్టిందేమో సూడండి బాబూ."

ఆ భయం నిరాధారమైనది కాదు. ఈ జిల్లాలో నేల మీద పడుకున్న మనిషి తెల్లవారేసరికి కదల్లేక పోతే, కాటు గుర్తు కనిపించకపోయినా, వాపు లేకపోయినా, ముందుగా కట్లపామునే అనుమానించాలని నేను జూనియర్లకు చెబుతాను. కట్లపాము కాటు చాలాసార్లు నిద్రలో ఉన్న మనిషికి తెలియనైనా తెలియదు. అందుచేత పరీక్ష కళ్లతోనే మొదలుపెట్టాను.

కనురెప్పలు వాలలేదు. కనుగుడ్లు అన్ని వైపులకూ తిరిగాయి. మాట స్పష్టంగా ఉంది, నీళ్లు మింగగలిగాడు, ఒక్క ఊపిరిలో 32 వరకు లెక్కపెట్టాడు. తొడ కండరాల బలం 5కు 1, పాదాలది 2, భుజాలది 2, అరచేతి పట్టు 3. మోకాలి దగ్గర సుత్తితో తట్టినా ప్రతిచర్య రాలేదు. అయితే దూది తగిలినా, సూది గుచ్చినా, కాలివేలిని పైకో కిందికో కదిపినా తడుముకోకుండా చెప్పగలిగాడు. మూత్రవిసర్జనలో ఇబ్బంది లేదు. కట్లపాము విషంలో బలహీనత సాధారణంగా కనురెప్పలతో మొదలై, గొంతు మీదుగా కిందికి దిగుతుంది. ఇతనికి కాళ్లతో మొదలై చేతులకు ఎక్కింది, ముఖం జోలికి రాలేదు.

ఈసీజీలో, పొటాషియం తగ్గినప్పుడు కనిపించే విధంగా, టీ తరంగాలు చదునై, వాటి వెనుక యూ తరంగాలు లేచి ఉన్నాయి. అరగంటలో వచ్చిన రక్తపరీక్షల్లో, మామూలుగా 3.5కు పైన ఉండవలసిన పొటాషియం లీటరుకు 1.9 మిల్లీ ఈక్వివలెంట్లు. కాల్షియం మామూలుగానే 9.4, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8, బైకార్బొనేట్ 24, సీపీకే 410.

క్రియాటినిన్ ఫలితం వచ్చేవరకు నేను పొటాషియం ఇవ్వలేదు. ఉద్దానం నుంచి వచ్చిన మనిషి విషయంలో ఇది అతి జాగ్రత్త కాదు. అక్కడ మూత్రపిండాల వ్యాధి ఎంత విస్తృతంగా ఉందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. మూత్రపిండాలు పాడైన మనిషికి పొటాషియం పెరిగిపోయినా ఇలాగే కాళ్లు చచ్చుపడతాయి. ఆ స్థితిలో పొటాషియం ఇస్తే గుండె ఆగిపోతుంది.

కబురు ఎక్కడ ఆగింది?

మెదడు నుంచి తొడ కండరం దాకా ఆజ్ఞ ప్రయాణించే దారిలో చాలా మజిలీలు ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోతేనే ఈ రోగిలో దారి ఎక్కడ తెగిందో తెలుస్తుంది.

నాడి మీదుగా వచ్చిన విద్యుత్ తరంగం నాడీకొనకు చేరగానే, అక్కడి కాల్షియం ద్వారాలు తెరుచుకుని, బయటి ద్రవంలోని కాల్షియం నాడీకొనలోకి ప్రవేశిస్తుంది. ఆ కాల్షియం తాకిడికి, కబురు మోసే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌ను నింపుకుని సిద్ధంగా ఉన్న చిన్న సంచులు పొరకు అతుక్కుని పగులుతాయి. బయటపడిన ఎసిటైల్‌కోలిన్ ఎదురుగా ఉన్న కండరపు పొరలోని గ్రాహకాలను తెరుస్తుంది. కట్లపాము విషంలోని బీటా-బంగారోటాక్సిన్ దెబ్బతీసేది ఈ నాడీకొననే. సంచులు ఖాళీ అయిపోతాయి, నాడీకొన శిథిలమవుతుంది. అయినా దాని అవతల ఉన్న కండరం నిక్షేపంగానే ఉంటుంది, ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఎసిటైల్‌కోలిన్ అందిన చోట కండరపు పొరలో చిన్న విద్యుత్ మార్పు కలుగుతుంది. అది తగినంత పెద్దదైతే పక్కనే ఉన్న సోడియం ద్వారాలు తెరుచుకుని, కండర తంతువు పొడవునా కొత్త తరంగం పుడుతుంది. ఈ తరంగం పైపొర మీదే ఉండిపోతే తంతువు లోతుల్లో ఉన్న ఆక్టిన్, మయోసిన్‌లకు ఏమీ తెలియదు. అందుకే పైపొర అక్కడక్కడా సన్నని గొట్టాలుగా లోపలికి దిగి ఉంటుంది. వీటిని టీ-నాళికలు అంటారు. చేనులోకి నీరు పారే పిల్లకాలువల్లా అవి తంతువు నడిమధ్య దాకా విద్యుత్ కబురును తీసుకుపోతాయి.

టీ-నాళికకు రెండు పక్కలా ఆనుకుని కాల్షియం నిల్వ ఉంచే గదులు ఉంటాయి, అవే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం. నాళిక పొరలో డైహైడ్రోపిరిడిన్ గ్రాహకం అనే ప్రోటీను, దానికి ఎదురుగా గది గోడలో రయనోడిన్ గ్రాహకం అనే మరో ప్రోటీను ఉన్నాయి. మొదటిది విద్యుత్తును పసిగట్టే కావలివాడు, రెండవది కాల్షియం గదికి తలుపు. విద్యుత్ తరంగం వచ్చినప్పుడు కావలివాడిలోని ఆవేశం గల భాగాలు కొద్దిగా పక్కకు జరుగుతాయి. ఆ కదలిక, గడియను చేత్తో లాగినట్టుగా, తలుపును నేరుగా తెరిపిస్తుంది. విశ్రాంతిలో ఉన్న కండర కణంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం లీటరుకు సుమారు 0.1 మైక్రోమోల్ మాత్రమే. తలుపు తెరుచుకోగానే అది పదింతలకు మించి పెరుగుతుంది. అప్పుడు కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రోటీనుకు అతుక్కుంటుంది, ఆక్టిన్‌ను కప్పి ఉంచే ట్రోపోమయోసిన్ పక్కకు తప్పుకుంటుంది, మయోసిన్ తలలకు ఆక్టిన్ అందుతుంది. ఆ రెండు తంతువులు ఒకదాని పక్కన ఒకటి జారడం మొదలయ్యేది ఆ తరువాతే. పొర మీద తరంగం లేచిన క్షణానికీ, కండరంలో బిగువు కనిపించే క్షణానికీ మధ్య ఉన్న సుమారు రెండు మిల్లీసెకన్లలో ఈ తతంగమంతా ముగిసిపోతుంది.

కాల్షియం ఇంజెక్షను ఎందుకు పనిచేయలేదు

ఊరి వైద్యుడు చేసిన పొరపాటు అతనొక్కడిది కాదు. "కండరం ముడుచుకోవడానికి కాల్షియం కావాలి" అనే వాక్యాన్ని సగమే గుర్తుపెట్టుకున్న వారందరూ చేసేదే. ఆ వాక్యం గుండె విషయంలో ఒకలా, కాళ్లూ చేతుల కండరాల విషయంలో మరొకలా నిజం.

1883లో సిడ్నీ రింగర్ లండన్‌లో కప్ప గుండె మీద ప్రయోగాలు చేస్తూ, కుళాయి నీటితో చేసిన ద్రావణంలో కొట్టుకున్న గుండె, స్వేదనజలంతో చేసిన ద్రావణంలో ఆగిపోతోందని గమనించాడు. తేడా కుళాయి నీటిలోని కాల్షియంది. గుండె కండరంలో బయటి నుంచి కొంత కాల్షియం లోపలికి వస్తేనే ఆ ప్రేరణతో గది తలుపు తెరుచుకుంటుంది. కాలి కండరంలో అలా కాదు. 1972లో ఆర్మ్‌స్ట్రాంగ్, బెజానిల్లా, హోరోవిచ్ కప్ప కాలి కండర తంతువులను, కాల్షియాన్ని పూర్తిగా తీసివేసిన ద్రావణంలో ఉంచి, విద్యుత్తుతో ప్రేరేపించినా అవి ముడుచుకుంటూనే ఉన్నాయని చూపించారు. కాలి కండరానికి కావలసిన కాల్షియం దాని సొంత గదిలోనే ఉంటుంది. పని కాగానే పంపులు దాన్ని తిరిగి గదిలోకే తోడేస్తాయి. తలుపు తెరిపించేది విద్యుత్ కదలికే తప్ప, రక్తంలోని కాల్షియం కాదు.

ఇంకొకటి కూడా ఉంది. రక్తంలో కాల్షియం నిజంగానే తగ్గితే నాడులు మరీ సులువుగా ఉద్రేకపడి చేతివేళ్లు కొంకర్లు పోతాయి, కండరాలు బిగుసుకుంటాయి. కాళ్లు మెత్తగా వాలిపోవు. కాబట్టి 9.4 అనే ఫలితం రాకముందే, మంచం పక్కన నిలబడి కాల్షియం లోపం కాదని చెప్పవచ్చు.

గ్లూకోజు సీసా మాత్రం నిర్దోషి కాదు. 500 మిల్లీలీటర్లలో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. దానికి స్పందించి పెరిగిన ఇన్సులిన్ రక్తంలోని పొటాషియాన్ని కండరాల్లోకి తోసింది. ముందు రాత్రి పెళ్లిభోజనం చేసిన పనినే ఆ సీసా ఇంకొంచెం ముందుకు తీసుకుపోయింది. చేతులు పడిపోయింది అందుకే.

పొటాషియం తగ్గితే తంతువు ఎందుకు మూగబోయింది

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను, ఎందుకంటే పుస్తకంలోని లెక్క ప్రకారం జరగవలసింది వేరు. కండర కణం లోపల పొటాషియం 140, బయట 4 అనుకుంటే, పొటాషియం సమతుల్య విద్యుత్ స్థాయి −95 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. బయట 1.9కి పడిపోతే అది −115 అవుతుంది. అంటే పొర మరింత రుణాత్మకం కావాలి. నిజంగా అలా అయితే తంతువును ప్రేరేపించడం కొంత కష్టమవుతుందేమో గాని, ఇంతటి పక్షవాతానికి అదొక్కటే చాలదు. పైగా వాంతులు, విరేచనాల వల్ల పొటాషియం తగ్గిన రోగులు 2.5 దగ్గర కూడా చాలామంది నడుస్తూనే వస్తారు.

ఈ వ్యాధిలో, అంటే రక్తంలో పొటాషియం పడిపోయి అప్పుడప్పుడు పక్షవాతం వచ్చిపోయే హైపోకలేమిక్ పీరియాడిక్ పెరాలిసిస్‌లో, జరిగేది దానికి తలకిందులు. రోగుల్లో సగానికి పైగా మందిలో లోపం ఆ కావలివాడు ప్రోటీన్‌లోనే ఉంటుంది. విద్యుత్తును పసిగట్టే భాగంలో ధనావేశం ఉన్న ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట మరొకటి వచ్చి చేరుతుంది. ఆర్జినిన్‌లు వరుసగా ఒక సన్నని సందును బిగించి ఉంచుతాయి. ఒకటి పోతే ఆ సందులోంచి ధనావేశ అయాన్లు అతి కొద్దిగా, కానీ ఎడతెగకుండా లోపలికి కారుతూ ఉంటాయి. మామూలు రోజుల్లో ఈ కారుడును బయటికి పోయే పొటాషియం ప్రవాహం సరిచేస్తూ ఉంటుంది. అయితే ఆ ప్రవాహానికి దారి ఇచ్చే ద్వారాల స్వభావం ఏమిటంటే, బయట పొటాషియం తగ్గేకొద్దీ అవి కూడా మూసుకుపోతాయి. ఒక హద్దు దాటాక కారుడుదే పైచేయి అవుతుంది. పొర −115 వైపు పోవడానికి బదులు ఒక్కసారిగా −60 మిల్లీవోల్టుల దరిదాపులకు ఎగబాకి అక్కడే ఉండిపోతుంది.

−60 దగ్గర సోడియం ద్వారాలలో ఎక్కువ భాగం తెరుచుకోలేని స్థితిలో బిగుసుకుపోతాయి. నాడి నుంచి ఎసిటైల్‌కోలిన్ సక్రమంగానే వస్తుంది, గ్రాహకాలు తెరుచుకుంటాయి, కానీ తరంగం పుట్టదు. టీ-నాళికలోకి ఏమీ దిగదు, కాల్షియం గది తలుపు మూసే ఉంటుంది, ఆ గది నిండా కాల్షియం ఉన్నా ఉపయోగం లేదు. మరి పొర ఇంత ఎగబాకినప్పుడు కావలివాడే కదిలి తలుపు ఎందుకు తెరిపించలేదని ఒక హౌస్‌సర్జన్ అడిగింది. మంచి ప్రశ్న. తలుపు తెరిపించే కదలిక గట్టిగా మొదలయ్యేది సుమారు −50 దాటాక. −60 అనేది సోడియం ద్వారాలను పనిచేయనివ్వని ఎత్తే గాని, కాల్షియం విడుదలకు చాలే ఎత్తు కాదు. ఈ రెండు హద్దుల మధ్య చిక్కుకోవడమే ఈ పక్షవాతం. పొటాషియం మితిమీరి పెరిగినప్పుడు కూడా పొర ఇలాగే ఎగబాకి సోడియం ద్వారాలు మూతపడతాయి. రెండు విరుద్ధ కారణాలకు మంచం మీద ఒకే రూపం ఎందుకు కనిపిస్తుందో దీనివల్ల అర్థమవుతుంది.

లోపం కావలివాడిలో ఉన్నప్పుడు కబురు ఆగింది మాత్రం దానికి ఒక అడుగు ముందే, సోడియం ద్వారాల దగ్గర, అన్నది నాకు ఈ వ్యాధిలో అన్నిటికంటే ఆలోచింపజేసే విషయం. గుండెలోని కావలివాడు వేరే జన్యువు నుంచి తయారైన ప్రోటీను కనుక గుండె ముడుచుకోవడం ఆగలేదు. అయితే తక్కువ పొటాషియం వల్ల గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఈసీజీ మానిటర్ తీయలేదు.

మంచం పక్కన చేసిన పరీక్ష

ఫిజియోథెరపీ గదిలో పాత విద్యుత్ ప్రేరక యంత్రం ఒకటి ఉంది. అందులో రెండు రకాల ప్రవాహాలు వస్తాయి. అతి తక్కువ సేపు ఉండే విద్యుత్ స్పందనలు నాడిని మాత్రమే ప్రేరేపిస్తాయి. సుమారు 100 మిల్లీసెకన్ల పొడవైన స్పందనలు నాడి లేకపోయినా కండర తంతువును నేరుగా ప్రేరేపించగలవు. నాడీకొన చెడిపోయిన కట్లపాము రోగిలో పొడవైన స్పందనకు కండరం అదరాలి. పొరే మూగబోయిన రోగిలో దేనికీ అదరకూడదు.

యువకుడి అనుమతితో తొడ ముందుభాగంలో ప్రయత్నించాము. చిన్న స్పందనలకు ఏమీ లేదు. పొడవైన స్పందనలకు చురుక్కుమంటోందని చెప్పాడు గాని, కండరం కదల్లేదు. అదే ప్రవాహానికి నా ముంజేతి కండరం స్పష్టంగా ఎగిరింది. ఇది రోగనిర్ధారణకు ప్రామాణికమైన పరీక్ష కాదు. చర్మం మందం, పలకల స్థానం, ప్రవాహం ఎంత అన్నవన్నీ ఫలితాన్ని మారుస్తాయి. చికిత్స నిర్ణయాన్ని నేను దీని మీద ఆధారపడి తీసుకోలేదు. కట్లపాము కాటులో కూడా పొటాషియం తగ్గవచ్చు గనుక 1.9 అనే అంకె ఒక్కదాన్నీ నమ్మలేదు. యాంటీవీనమ్ సిద్ధంగా ఉంచి, మొదటి రెండు గంటలు పావుగంటకోసారి కనురెప్పలు చూస్తూ, ఊపిరి లెక్క పెట్టిస్తూ వచ్చాము.

చికిత్స

మింగగలుగుతున్నాడు కనుక పొటాషియం నోటి ద్వారానే ఇచ్చాము. 15 మిల్లీలీటర్లలో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండే పొటాషియం క్లోరైడ్ సిరప్‌ను, 56 కిలోల బరువున్న అతనికి తొమ్మిదిన్నరకు 30 మిల్లీలీటర్లు గ్లాసెడు నీటిలో కలిపి తాగించాము. తరువాత 15 మిల్లీలీటర్ల చొప్పున రెండుసార్లు, మధ్యలో పొటాషియం చూసుకుంటూ ఇచ్చాము. మింగలేని రోగికి సిరలోకి ఎక్కించవలసి వస్తే గ్లూకోజు ద్రావణంలో కలపకూడదు. కలిపితే ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరో చేత్తో కణాల్లోకి తోసినట్టే అవుతుంది.

పదకొండున్నరకు పొటాషియం 2.4. భుజాలు పైకెత్తగలిగాడు. ఒంటిగంటన్నరకు 3.1, మోకాళ్లు ముడిచాడు. అప్పుడు యంత్రాన్ని మళ్లీ పెట్టి చూస్తే, ఉదయం మూగగా ఉన్న తొడ కండరం పొడవైన స్పందనకు మెల్లగా అదిరింది. నాలుగింటికి 3.8, అదే ప్రవాహానికి కండరం స్పష్టంగా ఎగిరింది. సాయంత్రం ఆరింటికి తండ్రి భుజం పట్టుకుని వరండా దాకా నడిచాడు. 3.5 దాటాక మందు ఆపేశాము. శరీరంలోని మొత్తం పొటాషియం ఏమీ తగ్గలేదు, కేవలం కండరాల్లోకి చేరింది. అది తిరిగి బయటికి వస్తుంది కాబట్టి ఎక్కువగా ఇస్తే మర్నాటికి ప్రమాద స్థాయికి పోవచ్చు. మర్నాడు ఉదయం ఏ మందూ లేకుండానే అది 4.7కి చేరింది.

థైరాయిడ్ ఎక్కువైన యువకుల్లోనూ ఇదే రకం పక్షవాతం వస్తుంది కనుక టీఎస్‌హెచ్ చూశాము, మామూలుగా ఉంది. జన్యుపరీక్షలో కావలివాడు ప్రోటీను 528వ స్థానంలో ఆర్జినిన్‌కు బదులు హిస్టిడిన్ ఉన్నట్టు వచ్చింది. రాత్రిపూట అన్నం, తీపి తగ్గించమని, బరువు పని చేసిన రోజున ఒక్కసారిగా పడుకోకుండా కాసేపు మెల్లగా నడవమని చెప్పాము. అసిటజోలమైడ్ 250 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, మొదటి వారం దగ్గరగా గమనించాము, ఎందుకంటే కొందరిలో, ముఖ్యంగా లోపం సోడియం ద్వారంలో ఉన్నవారిలో, ఈ మందు దాడులను పెంచుతుంది. ఏ శస్త్రచికిత్సకైనా ముందు మత్తు వైద్యులకు చూపించమని కార్డు మీద రాసి ఇచ్చాము.

నాలుగు నెలల తరువాత అతను చిన్నాన్నను వెంటబెట్టుకొచ్చాడు. 46 ఏళ్ల ఆయనకు చిన్నప్పటి నుంచి పండుగల మర్నాడు కాళ్లు పట్టేయడం, మధ్యాహ్నానికి వదిలేయడం మామూలట. ఇంట్లో దాన్ని వాతమనే అనుకున్నారు. చివరి దాడి వచ్చి ఎనిమిదేళ్లయింది. కానీ ఇప్పుడు నేల మీద కూర్చుంటే చేతులు ఊనకుండా లేవలేకపోతున్నాడు. ఆ రోజు ఆయన పొటాషియం 4.1. పెట్టిన తొలి స్పందనకే తొడ కండరం అదిరింది, అయితే ఆ అదురులో బలం లేదు. ఆయనలో కబురు చేరుతోంది, ఏళ్ల తరబడి సాగిన ఆ కారుడుకు తంతువులే క్షీణించాయి. ఈ దశకు చేరాక పొటాషియం సిరప్‌తో ఒరిగేది ఏమీ లేదు. ఆయనకూ అసిటజోలమైడ్ మొదలుపెట్టి, తొడ బలాన్ని మూడు నెలలకోసారి కొలుస్తున్నాము. అన్నగారి కొడుకుకు మాత్రం ఈ ఏడాదిలో ఒక్కసారే, అదీ సంక్రాంతి మర్నాడు, కాళ్లు బరువెక్కాయి. ఇంట్లో ఉంచుకున్న సిరప్ తాగి పది గంటలకల్లా లేచాడు.